ప్రేమ ఉంటే బరువు తెలియదన్న మాట

కన్నవాళ్లను చూసుకోవడం కూడా ఒక భారమేనా అని నిలదీసేవాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. ప్రవచనాల్లో, పత్రికల కుటుంబ శీర్షికల్లో, సీరియళ్లలో, పెళ్లి భోజనాల దగ్గర ఇదే మాట రకరకాల గొంతుల్లో వినిపిస్తుంది. ఒకవైపు మంచాన పడిన పెద్దలు, ఇంకోవైపు బడికెళ్లే పిల్లలు, మధ్యలో ఉద్యోగం. అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతున్న నలభై ఏళ్ల మనిషి ఎప్పుడో నోరు విప్పి ‘నావల్ల కావడం లేదు’ అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: ప్రేమ ఉంటే బరువు తెలియదు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు అరడజను మంది పిల్లల్ని పెంచుతూనే అత్తమామలకు సేవ చేశారు, ఎవరైనా అలిసిపోయామన్నారా? ఉమ్మడి కుటుంబాలు పోయాయి, వాటితోపాటే ఓర్పూ పోయింది. ఇంకాస్త కొత్తగా మాట్లాడేవాళ్లు ఇదే సంగతిని వేరే భాషలో చెబుతారు. తెల్లవారుజామున ఐదింటికి లేవండి, ధ్యానం చేయండి, రోజుకు పావుగంట మీకోసం మీరు కేటాయించుకోండి అంటారు. మొదటివాళ్లు పాతకాలం మనుషుల్లా, రెండోవాళ్లు సానుభూతిపరుల్లా కనిపిస్తారు కానీ ఇద్దరూ లోపాన్ని మోసేవాళ్ల మనసులోనే వెతుకుతున్నారు. అది అక్కడ లేదన్నదే నా వాదన. ఆ అలసట పని ఎవరి మీద పడుతోంది, ఏ వేళప్పుడు పడుతోంది, ఎంతకాలం పడుతోంది అన్నదాన్నిబట్టి వస్తుంది. పనిని పంచితే తగ్గుతుంది. ప్రేమను పెంచితే తగ్గదు. ఇంకా చెప్పాలంటే, ముందుగా కూలిపోయేది ఎక్కువ ప్రేమ ఉన్నవాళ్లే, ఎందుకంటే పని వదిలి పక్కకు జరగడం వాళ్లకు చేతకాదు.

అమ్మమ్మల కాలం సంగతి ముందు తేల్చుకుందాం. ఆ వాదనను చాలామంది సగటు ఆయుర్దాయంతో కొట్టిపారేస్తారు. 1940లలో మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు, ఇప్పుడు 70, కాబట్టి అప్పుడు ముసలివాళ్లే లేరంటారు. అది సరైన జవాబు కాదు. ఆ సగటును కిందికి లాగింది ఎక్కువగా శిశు మరణాలు. అరవై దాటినవాళ్లు అప్పుడూ మరికొన్నేళ్లు బతికేవాళ్లు. తేడా వేరేచోట ఉంది. ఆనాడు పక్షవాతం గట్టిగా వస్తే మనిషి వారాల్లోనో నెలల్లోనో వెళ్లిపోయేవాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరితే అదే ఆఖరు. ఇప్పుడు యాంటీబయాటిక్స్, రక్తపోటు మాత్రలు, గుండెకు స్టెంట్లు, కిడ్నీలకు డయాలసిస్ ఉన్నాయి. అదే పక్షవాతం వచ్చిన మనిషి మంచంలో ఐదేళ్లు, ఎనిమిదేళ్లు ఉండగలుగుతున్నాడు. మతిమరుపు జబ్బు ముదిరేదాకా బతికి ఉంటున్నాడు. దేశవ్యాప్తంగా జరిగిన లాసీ అనే వృద్ధాప్య అధ్యయనం ఆధారంగా వేసిన లెక్కలో అరవై దాటిన ప్రతి వందమందిలో ఏడుగురికి పైగా డిమెన్షియా ఉందని తేలింది. వైద్యం ప్రాణాన్ని నిలబెట్టింది, మంచిదే. కానీ అలా నిలబడిన ప్రాణానికి రోజూ కావలసిన చాకిరీని ఆసుపత్రి తన దగ్గర ఉంచుకోలేదు, డిశ్చార్జి కాగితంతోపాటు ఇంటికి పంపించింది. అమ్మమ్మ చేసింది వారాల సేవ, మనవరాలు చేస్తున్నది ఏళ్ల సేవ. ఆ వారాల్లో కూడా అమ్మమ్మ ఒంటరిగా లేదు. తోడికోడళ్లు, పెళ్లికాని ఆడపడుచులు, పుట్టింటికి చేరిన వితంతువు మేనత్త అందరూ ఉండేవాళ్లు. ఆ మేనత్తకు తన బతుకంటూ ఏదీ లేకుండా చేసి మరీ ఆ ఇల్లు నడిచిందన్న సంగతి ఉమ్మడి కుటుంబాన్ని తలుచుకుని నిట్టూర్చేవాళ్లకు గుర్తు రాదు. 1992-93 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 సర్వేకు వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. పట్టేవాళ్ల భుజాలు తగ్గుతున్నాయి, మోయాల్సిన ఏళ్లు పెరుగుతున్నాయి. దీన్ని ఓర్పు తగ్గడం అనడం లెక్క రానివాళ్ల మాట.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. పెద్దలు ఇంట్లో ఉండటం భారం ఎందుకవుతుంది, మనవళ్లను పెంచేది వాళ్లే కదా అంటారు. నిజమే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేయగలుగుతున్నారంటే, చాలా ఇళ్లలో దానికి కారణం నాయనమ్మో తాతయ్యో. స్కూలు బస్సు దగ్గరికి వెళ్లేది, మధ్యాహ్నం అన్నం పెట్టేది, జ్వరమొస్తే పక్కన కూర్చునేది వాళ్లే. అమెరికాలో కూతురి పురుడుకు ఆరునెలల వీసా మీద వెళ్లి వచ్చే తల్లులు ఎందరో. కానీ ఈ వాదన చేసేవాళ్లు దాన్ని సగంలోనే ఆపేస్తారు. ఆ డెబ్బై ఏళ్ల నాయనమ్మ ఒకరోజు బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, ఆ ఇంట్లో ఒక రోగి పెరగడమే కాదు, ఒక పనిమనిషికి, ఒక ఆయాకు, ఒక వంటమనిషికి సమానమైన చేతులు అదే పూట తగ్గిపోతాయి. పని ఒకేసారి రెండువైపులా పెరుగుతుంది. నిన్నటిదాకా పిల్లవాణ్ణి చూసిన మనిషిని ఇవాళ చూడాలి, నిన్నటిదాకా ఆమె చూసిన పిల్లవాణ్ణీ చూడాలి. ఇళ్లు నెమ్మదిగా అలసటలోకి జారవు, ఒక్క రోజులో పడిపోతాయి. అందుకే ‘మాకేం, అంతా బాగానే ఉంది’ అనుకునే ఇళ్లే ఎక్కువ దెబ్బ తింటాయి. పెద్దలు గట్టిగా ఉన్నంతకాలం వాళ్ల మీద ఎంత పని ఆధారపడి ఉందో అక్కడ ఎవరూ లెక్క వేసుకోరు.

మాట గాలిలో ఉండకుండా ఒక ఇంటిని ఊహించి చూద్దాం. విజయవాడలో ఒక కుటుంబం. భర్తకు నలభై ఐదు, ప్రభుత్వ రంగ బ్యాంకులో ఉద్యోగం. భార్యకు నలభై, ప్రైవేటు స్కూల్లో టీచరు. కూతురికి పన్నెండు, కొడుక్కి ఏడు. మామగారు లేరు. అత్తగారికి డెబ్బై రెండు, ఆరునెలల కిందట పక్షవాతం వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తుంది. బావగారు డల్లాస్‌లో, ఆడపడుచు విశాఖలో. పొద్దున పిల్లల టిఫిను డబ్బాలు సర్దేలోగా అత్తగారికి డైపరు మార్చాలి, ఒళ్లు తుడవాలి. తినిపించడం మామూలు పని కాదు. మంచం తలవైపు ఎత్తి నిటారుగా కూర్చోబెట్టాలి, ముద్దలు మెత్తగా, కాస్త చిక్కగా ఉండాలి, మింగాక గాని రెండో ముద్ద పెట్టకూడదు, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. తింటుంటే దగ్గు వస్తోందంటే, గొంతు తడిగా గురగురలాడుతోందంటే, అన్నం ఊపిరితిత్తుల దారి పడుతోందని అర్థం. తొందరపెడితే నెమ్ము, నెమ్ము వస్తే ఆసుపత్రి. ఒక ఇడ్లీ తినిపించడానికి ఇరవై నిమిషాలు పట్టే ఆ సమయంలోనే స్కూలు బస్సు వీధి చివర హారన్ కొడుతుంది. ఆ ఇరవై నిమిషాల్లో కోడలికి అత్తగారి మీద ప్రేమ ఎంత ఉందన్నది పూర్తిగా అప్రస్తుతం. ఉన్నది ఒక జత చేతులు, అదే నిమిషంలో రెండు పనులు.

అయినా పగలు ఎలాగో గడుస్తుంది. మనిషిని విరిచేది రాత్రి. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని నర్సులు చెప్పి పంపుతారు. తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర, తుంటి ఎముక మీద చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది. మొదట ఎర్రటి మచ్చ వస్తుంది. వేలితో నొక్కి వదిలితే మామూలు ఎరుపు తెల్లబడి మళ్లీ వస్తుంది. నొక్కినా తెల్లబడని ఎరుపు పుండుకు మొదటి మెట్టు. గాలి నింపే పరుపు, అంటే జనం ఎయిర్ బెడ్ అనేది, వేస్తే ప్రమాదం తగ్గుతుంది కానీ తిప్పే పని పూర్తిగా తప్పదు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి మధ్య పన్నెండుకు, రెండుకు, నాలుగుకు లేవాలి. మధ్యలో డైపరు తడిస్తే ఇంకోసారి. ఏడేళ్లవాడు పీడకల వచ్చి లేస్తే మరోసారి. మొత్తం నిద్ర ఆరుగంటలని పైకి కనిపిస్తుంది, ఒక్క ముక్క కూడా రెండు గంటలు దాటదు. నెలల తరబడి ముక్కలైన నిద్ర మనిషిలో ముందు ఓపికను తినేస్తుంది, తర్వాత జ్ఞాపకాన్ని. మాత్ర వేశానా లేదా అన్న అనుమానం మొదలవుతుంది. ఇలాంటి మనిషిని తెల్లవారుజామున ఐదింటికి లేచి ధ్యానం చేయమనడం సలహా కాదు, ఎగతాళి. ఈ ఇంటికి కావలసినది ఒక్కటే: వంతులు. రాత్రిని రెండుగా చీల్చి చెరో నాలుగు గంటలు పంచుకోవడం కన్నా, రోజు విడిచి రోజు పూర్తి రాత్రి పంచుకోవడం మేలు. వంతు కాని రోజు వేరే గదిలో, తలుపు వేసుకుని పడుకోవాలి. తలుపు వేసుకోవడం దగ్గరే మన ఇళ్లలో గొడవంతా. అదే గదిలో పడుకున్న మనిషి వంతు కాకపోయినా వింటూనే ఉంటుంది, మొగుడు లేవకముందే తను లేస్తుంది.

ఈ వినడాన్ని ఏ సర్వే లెక్కపెట్టలేదు. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన కాల వినియోగ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల స్త్రీలలో నూటికి 41 మంది ఇంట్లోవాళ్ల సంరక్షణలో పాల్గొంటున్నారని, అలా పాల్గొన్నవాళ్లు రోజుకు దాదాపు 140 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. పురుషులలో నూటికి 21 మంది, 74 నిమిషాలు. రెండూ గుణిస్తే వందమంది ఆడవాళ్లు చేసే సంరక్షణ వందమంది మగవాళ్లు చేసేదానికి మూడున్నర రెట్లకు పైనే. అది కూడా చేతులు ఆడిన సమయం మాత్రమే. ఒక చెవి పక్కగది వైపు వేసి పడుకున్న సమయం సర్వేలో నిద్ర కింద పోతుంది. బడిలో పాఠం చెబుతూ ఫోను సైలెంట్‌లో పెట్టడానికి భయపడే సమయం ఉద్యోగం కింద పోతుంది. కొలతకు అందని ఈ కాపలాయే మనిషిని ఎక్కువగా అరగదీస్తుంది, ఎందుకంటే దానికి సాయంత్రం ఆరింటికి సెలవు లేదు.

ఇక్కడే మంచి భర్తలు చాలామంది నొచ్చుకుంటారు. ‘నేనూ సాయం చేస్తున్నాను కదా, నువ్వు చెప్తే చేయనన్నానా?’ అంటారు. చెప్తే చేయడం అన్నదాంట్లోనే చిక్కు ఉంది. మాత్రల సంగతే తీసుకోండి. అత్తగారికి రక్తం పలుచన చేసే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, రక్తపోటుకు రెండు రకాలు, షుగరుకు ఒకటి. వీటిలో ఏది తిండికి ముందు, ఏది తర్వాత, ఏది రాత్రికే అన్నది గుర్తుండాలి. స్ట్రిప్పులో నాలుగు మిగిలాయని గమనించాలి. మందుల షాపుకు వెళ్తే కంపెనీ మారిందని అతను వేరే పేరున్న స్ట్రిప్పు ఇస్తాడు, లోపల మందు అదేనా అని చూడాలి. డాక్టరు గారు మోతాదు మార్చిన రోజు పాతవి పక్కన పడేయాలి. నెలకోసారి చీటీ కొత్తది రాయించుకోవాలి. భర్త చేస్తున్న ‘సాయం’ ఏమిటంటే, భార్య తీసి చేతిలో పెట్టిన మాత్రను నీళ్లతో మింగించడం. చేసింది ఆయనే కానీ పని మొత్తం ఆమె బుర్రలోనే ఉంది. పంపకం అంటే మాత్రల వ్యవహారం స్ట్రిప్పు కొనడం దగ్గరనుంచి మింగించడం దాకా ఆయనదే కావడం. ఆదివారం సాయంత్రం ఆయనే వారం గడుల డబ్బా నింపాలి. మర్చిపోతే ఆ తిట్లు ఆయనే తినాలి. ఆమె ఆ డబ్బా వైపు చూడకూడదు కూడా. ఆమెకు ఇది మొదట్లో కష్టంగానే ఉంటుంది. ఆయన మొదటి వారం ఒక తప్పు చేస్తాడు, అప్పుడు ‘మీకెందుకులెండి, నేనే చూసుకుంటా’ అని డబ్బా వెనక్కి లాక్కుంటుంది. చాలా ఇళ్లలో పంపకం చచ్చిపోయేది సరిగ్గా ఈ క్షణంలోనే, దీనికి ఆడవాళ్ల బాధ్యత కొంత ఉంది. విరుగుడుగా మందుల పేర్లు, వేళలు, పడని మందులు, డాక్టరు నంబరు ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించాలి. ఒకరి తలలో ఉన్న పని ఇంకొకరికి బదిలీ కాదు. కాగితం మీద ఉన్నది అవుతుంది.

దూరాన ఉన్న తోబుట్టువుల విషయంలో కూడా లోకం మాట తప్పే. ‘పెద్దవాడు డబ్బు పంపిస్తాడు, చిన్నవాడు చూసుకుంటాడు’ అనేది మనవాళ్లు న్యాయమైన ఒప్పందంగా భావిస్తారు. డాలర్లు పక్కకు తిప్పవు. అలాగని డల్లాస్ బావగారు పనికిరానివాడు కాడు, ఆయనకు సరిపడే పనిని ఎవరూ ఆయనకు అప్పజెప్పలేదు. విజయవాడలో రాత్రి రెండైనప్పుడు డల్లాస్‌లో మధ్యాహ్నం. రాత్రిపూట ఒక అటెండెంటును పెట్టుకుంటే, ఆమె జీతం నెల మొదటి తేదీన ఆయన ఖాతా నుంచి నేరుగా వెళ్లవచ్చు, రాత్రి ఆమెకు సందేహం వస్తే మొదటి ఫోను ఆయనకే వెళ్లవచ్చు. ఆయన మేలుకునే ఉంటాడు. తమ్ముణ్ణి లేపాలా వద్దా అన్నది ఆయన నిర్ణయిస్తాడు. ఆరోగ్య బీమా క్లెయిము కాగితాలు, పరీక్షల రిపోర్టులు వరుసగా దాచడం, న్యూరాలజిస్టు అపాయింట్‌మెంటు, ఫిజియోథెరపిస్టు రాని రోజు ఇంకొకరిని వెతకడం, ఇవన్నీ ఏ ఖండం నుంచైనా చేయగల పనులు. విశాఖ ఆడపడుచు సంగతి వేరు. ఆమె ఇప్పుడు నెలకోసారి ‘అమ్మను చూడటానికి’ వస్తుంది. వచ్చి ఉన్న ఆ రెండు రోజులు కోడలికి అదనపు వంట. అదే ఆమె రెండు నెలలకోసారి పదిరోజులు వచ్చి ఇంటి తాళాలు తీసుకుని, వదినను పిల్లలతో పుట్టింటికి పంపేస్తే, అది సేవ. కూతురు పుట్టింట్లో పది రోజులుంటే అత్తవారింట్లో ఏమంటారో అన్న సంకోచం ఒకటి వస్తుంది. ఆ సంకోచానికి మూల్యం ఇన్నాళ్లూ కోడలే చెల్లిస్తోందని ఇంటిల్లిపాదీ గుర్తిస్తే చాలు. వంతులకు ముందు, వంతులకు తర్వాత కోడలి ప్రేమ ఎంత మారిందో ఎవరూ కొలవలేరు గాని, ఆమె నిద్ర ఎంత మారిందో గడియారం చూసి చెప్పవచ్చు.

ఇలా వంతులు, జీతాలు, కాగితాలు అంటే పవిత్రమైన సంబంధాన్ని వ్యాపారం చేస్తున్నట్టు కాదా అని అడుగుతారు. ఈ ప్రశ్నకు 1999లో అమెరికాలో రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఒక కోణం చూపిస్తుంది. జబ్బుపడిన భర్తనో భార్యనో చూసుకుంటున్న 66 ఏళ్లు దాటినవాళ్లను నాలుగేళ్లపాటు గమనించారు. సంరక్షణ వల్ల ఒత్తిడికి లోనవుతున్నామని చెప్పినవాళ్లలో మరణ ప్రమాదం, అలాంటి బాధ్యత లేనివాళ్లతో పోలిస్తే 63 శాతం ఎక్కువగా ఉంది. ఇదివరకే చాలామంది ఉటంకించే సంఖ్య ఇది. దాని పక్కనే ఉన్న రెండో ఫలితాన్ని మాత్రం ఎవరూ చెప్పరు: సంరక్షణ చేస్తున్నా ఒత్తిడి లేదన్నవాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. వాళ్లు వృద్ధ దంపతులు, మనం మాట్లాడుతున్నది పిల్లలున్న నడివయసువాళ్ల గురించి, కాబట్టి ఆ అంకెను ఇక్కడికి తెచ్చి అతికించడం కుదరదు. కానీ ఆ తేడా చెప్పే సంగతి మాత్రం ఇక్కడా గట్టిదే. మనిషిని చంపేది సేవ కాదు, సేవ జరిగే తీరు. ఆ తీరును మార్చడానికి కాగితం, వంతు, జీతం తప్ప వేరే పనిముట్లు మనకు లేవు. పెళ్లికి ఎవరు ఏ పని చూడాలో జాబితా రాసుకునే మన కుటుంబాలకు అప్పుడు గుర్తురాని వ్యాపారం, తల్లి మంచం దగ్గరే గుర్తురావడం విచిత్రం.

ప్రేమే చాలన్న నమ్మకం చేసే ఇంకో అన్యాయం ఉంది. అలిసిపోయిన మనిషికి ఒకానొక రాత్రి ‘ఈవిడ ఎప్పుడు పోతుందో’ అన్న ఆలోచన వస్తుంది. వచ్చిన మరుక్షణం తనను తాను అసహ్యించుకుంటుంది. ఎవరితోనూ చెప్పదు, చెబితే లోకం ఏమంటుందో తెలుసు. నిజానికి అది పాపం కాదు, లక్షణం. మరుసటి రోజు కొడుకు నీళ్ల గ్లాసు ఒలకబోస్తే చెంప పగలగొట్టడం, తన రొమ్ములో గడ్డ తగిలినా పరీక్షకు నెలల తరబడి వెళ్లకపోవడం, పుట్టింటి ఫోన్లు ఎత్తకపోవడం, తినిపించేటప్పుడు చెంచా గట్టిగా తోయడం, ఇవన్నీ ఒకే జబ్బు ముఖాలు. జెరిట్ అనే అమెరికన్ పరిశోధకుడి పేరుతో 22 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, సంరక్షకులు ఎంత నలిగిపోయారో కొలవడానికి ప్రపంచమంతా వాడతారు. అందులో తన జీవితం మీద తనకు మిగిలిన అదుపు గురించి, రోగి మీద వచ్చే కోపం గురించి నేరుగా అడుగుతారు. న్యూరాలజిస్టు దగ్గరికి అత్తగారిని తీసుకెళ్లినప్పుడు ఆమె రక్తపోటు చూస్తారు, తెచ్చిన కోడలి రక్తపోటు చూడరు. కోపం వస్తే ప్రేమ లేదనుకునే సమాజంలో ఆ ప్రశ్నలకు నిజమైన జవాబు ఎవరూ చెప్పరు కాబట్టి, జబ్బు దాక్కుని పెరుగుతుంది. పెద్దల మీద చేయిచేసుకోవడం దాకా వచ్చిన ఇళ్లన్నీ రాక్షసుల ఇళ్లు కావు.

చట్టం కూడా ఈ నమ్మకం మీదే నిలబడింది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 2007 నిర్లక్ష్యానికి గురైన పెద్దలకు మంచి ఆయుధమే. ఆర్డీఓ స్థాయి అధికారి ముందు ఫిర్యాదు చేస్తే నెలకు పదివేల రూపాయల దాకా భరణం ఇప్పించవచ్చు. కానీ ఆ చట్టం దృష్టిలో పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. మన విజయవాడ ఇంట్లో రాత్రి రెండింటికి లేచే కోడలు ఆ నిర్వచనంలోనే లేదు. ఆమెను చేర్చుదామని 2019లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు చట్టం కాకుండానే ఆ సభ కాలం తీరిపోయింది. ఒకవేళ చేర్చి ఉంటే ఆమెకు దక్కేది ఇంకో బాధ్యత, సెలవు కాదు. వదిలేసినవాణ్ణి శిక్షించడం చట్టానికి తెలుసు, మోస్తున్నవాళ్లను ఎలా నిలబెట్టాలో తెలియదు. అస్సాం 2017లో తెచ్చిన ప్రణామ్ చట్టం తల్లిదండ్రుల్ని పట్టించుకోని ప్రభుత్వ ఉద్యోగి జీతంలో కోత పెడుతుంది. అదీ ఇదే తరహా ఆలోచన. పిల్లల విషయంలో మన రాజ్యం ఇంతకన్నా ముందుంది. 26 వారాల ప్రసూతి సెలవు, 50 మంది ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ గది ఉండాలన్న నిబంధన 2017 నుంచి చట్టంలో ఉన్నాయి. మంచాన పడిన తల్లి కోసం ప్రైవేటు స్కూలు టీచరుకు చట్టపరంగా ఒక్కరోజు సెలవు హక్కుగా రాదు.

అటెండెంటును పెట్టుకుంటే సరిపోతుంది కదా అనేవాళ్లు ఈ ఇంటి ఆదాయాన్ని ఒకసారి చూడాలి. రెండు షిఫ్టులకు ఇద్దరిని పెడితే ప్రైవేటు స్కూలు టీచరు జీతం మొత్తం అటే పోతుంది. అప్పుడు ఇంట్లో అందరూ ఆమెను ఉద్యోగం మానేయమంటారు, ఆమె భర్తను కాదు. మానేస్తే ఐదేళ్ల తర్వాత అదే జీతానికి తిరిగి చేరలేదు, ఈలోగా పిల్లల ఫీజులు ఆగవు. పైగా ఆ అటెండెంటు కూడా ఎక్కడో ఒక ఊళ్లో తన పిల్లల్ని, తన అత్తను వదిలి వచ్చిన మనిషే, సంక్రాంతికి వెళ్తే వారం దాకా రాదు. కాబట్టి డబ్బుతో కొనగలిగినదాన్ని కాపలా ఎక్కువగా ఉన్న రాత్రి భాగానికి పెట్టడం తెలివైన పని. పగటి పని ఇంటివాళ్లలో పంచుకోవాలి. మామూలుగా ఇళ్లలో దీనికి తలకిందులుగా చేస్తారు. పగలు అటెండెంటు, రాత్రి కోడలు.

ప్రభుత్వాలకు చేతకాని పని కూడా కాదిది. జపాన్ 2000 సంవత్సరం నుంచి దీర్ఘకాల సంరక్షణ బీమా నడుపుతోంది. నలభై ఏళ్లు నిండినవాళ్లంతా ప్రీమియం కడతారు. పెద్దవాళ్ల అవసరం ఎంతో అధికారికంగా అంచనా వేసి, ఇంటికి సహాయకులు రావడం, పగటిపూట సంరక్షణ కేంద్రానికి తీసుకెళ్లడం వంటి సేవలు ఇస్తారు. తల్లిదండ్రుల సంరక్షణకు ఉద్యోగులకు 93 రోజుల సెలవు హక్కు ఉంది. మనది అంత డబ్బున్న దేశం కాదంటే, కేరళను చూడవచ్చు. కోళికోడ్, మలప్పురం జిల్లాల్లో వీధివీధికీ వలంటీర్లను తయారుచేసి, నర్సుతో కలిసి మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకు పంపే పాలియేటివ్ వ్యవస్థ రెండు దశాబ్దాలకు పైగా నడుస్తోంది. 2008లో ఆ రాష్ట్రం దాన్ని ప్రభుత్వ విధానంగా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికి పరిమితమైనవాళ్లకు 2024 నుంచి నెలకు 15 వేల రూపాయల పింఛను ఇస్తున్నారు, మామూలు వృద్ధాప్య పింఛను నాలుగు వేలు. అంటే మంచాన పడితే ఇంట్లో పని ఎన్ని రెట్లు పెరుగుతుందో ప్రభుత్వం తన లెక్కలోనే ఒప్పుకుంది. డబ్బుతోపాటు వారానికి రెండు పూటలు ఒక శిక్షణ పొందిన మనిషిని ఆ గుమ్మం లోపలికి పంపితే, కోడలు ఆ రెండు పూటలు నిద్రపోవచ్చు. డెబ్బై దాటినవాళ్లందరికీ 2024లో ఇచ్చిన ఆయుష్మాన్ కార్డు ఐదు లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదలయ్యే ఐదేళ్లకు ఆ కార్డులో చోటు లేదు.

ప్రభుత్వం ఎప్పుడు చేస్తుందో తెలియదు కాబట్టి ఇళ్లలో జరగాల్సిన సంభాషణ మాత్రం పెద్దలు నడుస్తున్నప్పుడే జరగాలి. సంక్రాంతికి అందరూ ఒకచోట చేరతారు, పిండివంటల మధ్య ఒక గంట దీనికి తీయవచ్చు. మాట్లాడాల్సినది పెద్దలతో కలిసి, వాళ్ల వెనక కాదు. పడిపోతే ఎవరింట్లో ఉండాలని ఉంది, వెంటిలేటరు పెట్టే పరిస్థితి వస్తే ఏం కోరుకుంటారు, బ్యాంకు ఖాతాలో రెండో పేరు ఎవరిది, రాత్రులు ఎవరివి, డబ్బు ఎవరిది, కాగితాలు ఎవరివి, ఎవరు ఎన్నిరోజులు వచ్చి నిజంగా ఉంటారు. ఇలాంటి మాటలు పండగపూట ఎత్తడం అపశకునం అంటారు. మన తెలుగు తల్లుల్లో చాలామందికి అలా అనిపించదు. నేనెవరికీ భారం కాకూడదు అని వాళ్లు ఏళ్లుగా అంటూనే ఉన్నారు. పిల్లలే వినకుండా ‘అలా అనకమ్మా’ అని మాట మార్చేస్తున్నారు.